పసిపిల్లల చెంపల మీద, మడతల్లో ఎగ్జిమా: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

చెంపలు ఎర్రబడి పొట్టు రాలుతున్న పసిబిడ్డను ఒళ్ళో పెట్టుకుని వచ్చే అమ్మల్లో చాలామంది క్రీమ్ గురించి అడగరు. మొదట అడిగేది "డాక్టర్ గారూ, నేనేం తినడం మానాలి?" అని. చాలామంది అప్పటికే సగం తిండి మానేసి ఉంటారు. పిల్లల డాక్టర్‌గా ఈ ప్రశ్నకీ, దాని చుట్టూ ఉండే మిగతా సందేహాలకీ రోజూ జవాబు చెబుతూనే ఉంటాను. అవన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. దేనికదే పూర్తి జవాబు కాబట్టి, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

## మొదటిసారి కనిపించినప్పుడు

మా బాబుకి మూడో నెల. రెండు చెంపలూ గరుకుగా ఎర్రగా అయ్యాయి. ఇది ఎగ్జిమానేనా?

అయ్యే అవకాశం ఎక్కువ. ఈ వయసులో ఎగ్జిమా మొదట చెంపల మీదే కనిపిస్తుంది. తర్వాత నుదురు, తల, చేతుల కాళ్ళ బయటివైపుకి పాకుతుంది. ముక్కు కొన, డైపర్ కప్పే చోటు మాత్రం సాధారణంగా బాగానే ఉంటాయి. చెంపలు మంటలా ఉండి, వాటి మధ్యలో ముక్కు శుభ్రంగా ఉంటే అది ఎగ్జిమాకి మంచి ఆనవాలు. రెండోది దురద. మూడు నెలల బిడ్డ చేత్తో గోక్కోలేడు కాబట్టి ముఖాన్ని మీ భుజానికి, దుప్పటికి రుద్దుతుంటాడు, నిద్రలో మెలికలు తిరుగుతాడు. మూడోది ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, తుమ్ములతో వచ్చే అలర్జీ, చిన్నప్పటి ఎగ్జిమా ఉండటం.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇంటర్నెట్‌లో కనిపించే ఫోటోలు ఎక్కువగా తెల్లటి చర్మం ఉన్న పిల్లలవి. మన పిల్లల్లో ఎరుపు అంత స్పష్టంగా కనబడదు. ముదురు గోధుమ రంగుగా, ఒక్కోసారి బూడిద రంగుగా ఉంటుంది. అందుకే కంటితో చూడటంతో ఆపకుండా వేలితో తడిమి చూడండి. గరుకుతనం వేలికి ముందే తెలుస్తుంది.

మెడ మడతల్లో ఎర్రగా, తడిగా ఉంది. వాసన కూడా వస్తోంది. ఇది కూడా అదేనా?

కాకపోవచ్చు. బొద్దుగా ఉన్న పిల్లల మెడ మడతల్లోకి పాలు, చొంగ, చెమట దిగి అక్కడే ఉండిపోతాయి. చర్మం చర్మానికి రాసుకుని ఒరిసిపోతుంది. ఎగ్జిమా పొడిగా, గరుకుగా ఉండి దురద పెడుతుంది. ఒరుపు తడిగా, మెరుస్తూ, మడత లోతుల్లో ఎక్కువగా ఉంటుంది. ఆ తడిలో ఫంగస్ చేరితే ఎర్రటి మచ్చ అంచు దాటి చుట్టూ చిన్న చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. దానికి ఫంగస్ మందు కావాలి. ఎగ్జిమా క్రీమ్ ఒక్కటే రాస్తే రెండు రోజులు తగ్గినట్టు ఉండి మళ్ళీ పెరుగుతుంది.

తల మీద జిడ్డుగా పసుపు పొట్టు కట్టి, అదే కనుబొమల్లో, చెవుల వెనక, మడతల్లో ఉన్నా బిడ్డ హాయిగా నిద్రపోతుంటే అది వేరే సమస్య. అది మెల్లగా దానంతట అదే పోతుంది. మోచేతి లోపలి మడత, మోకాలి వెనక మడతల్లో వచ్చే ఎగ్జిమా సాధారణంగా ఏడాది దాటాక, బిడ్డ పాకి నడిచే వయసులో ముదురుతుంది.

ఇది గజ్జి అంటున్నారు మా అత్తమ్మ. ఇంట్లో అందరికీ అంటుకుంటుందా?

ఎగ్జిమా అంటుకోదు. గజ్జి అంటుకుంటుంది. కాబట్టి తేడా తెలుసుకోవాల్సిందే. బిడ్డతోపాటు ఇంట్లో ఇంకెవరికైనా, ముఖ్యంగా రాత్రిళ్ళు, వేళ్ళ సందుల్లో, నడుము చుట్టూ దురదగా ఉందా? బిడ్డ అరచేతుల్లో, అరికాళ్ళలో, చంకల్లో చిన్న పొక్కులు ఉన్నాయా? ఉంటే గజ్జి అని అనుమానించి చూపించండి. అప్పుడు ఇంట్లో అందరికీ ఒకేసారి మందు వాడాలి.

అసలు ఎందుకొచ్చింది? నా పాలు పడట్లేదా?

మీ పాలలో తప్పేమీ లేదు. ఎగ్జిమా ఉన్న బిడ్డల చర్మం పై పొర పుట్టుకతోనే కొంచెం బలహీనంగా ఉంటుంది. ఆ పొరని గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కొందరిలో జన్యువుల వల్ల తక్కువగా తయారవుతుంది. గోడకి సిమెంట్ పలచబడినట్టు, లోపలి తడి బయటికి పోతుంది, బయటి సబ్బు, దుమ్ము, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. శరీరం వాటి మీద పోరాడటం మొదలుపెడుతుంది. ఆ పోరాటమే మనకి ఎరుపుగా, దురదగా కనిపిస్తుంది. తల్లి తిన్నది దీనికి మూలం కాదు. పాలివ్వడం ఆపాల్సిన అవసరం అసలే లేదు.

## రోజూ చూసుకోవడం

స్నానం రోజూ చేయించాలా? సున్నిపిండితో నలుగు పెట్టొచ్చా?

రోజుకి ఒకసారి, గోరువెచ్చని నీళ్ళతో, 5 నుంచి 10 నిమిషాల లోపు. నీళ్ళు మీ మోచేతికి వేడిగా అనిపించకూడదు. మన ఇళ్ళలో పసిపిల్లలకి బాగా వేడి నీళ్ళు పోయడం అలవాటు. ఆ వేడికి చర్మంలో ఉన్న కాస్త నూనె కూడా కరిగిపోతుంది. సబ్బు ఒళ్ళంతా వద్దు. చంకలు, మెడ, డైపర్ చోటు చాలు, అది కూడా వాసన లేని మృదువైన క్లెన్సర్‌తో.

సున్నిపిండిని ఎగ్జిమా తగ్గేదాకా పక్కన పెట్టండి. పిండి రుద్దడంతో పొర ఇంకా గీసుకుపోతుంది. పైగా సెనగపిండి, పెసరపిండి తిండి పదార్థాలు. పగిలిన చర్మం మీద తిండి ప్రొటీన్లు పదే పదే తగిలితే శరీరం వాటిని శత్రువుగా గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ కూడా మానండి. ఆ పొగ చర్మానికీ, ఊపిరితిత్తులకీ రెండింటికీ పడదు. పెద్దవాళ్ళకి ఇది చెప్పడం కష్టమని నాకు తెలుసు. "కొన్నాళ్ళే, చర్మం మానేదాకా" అంటే చాలామంది ఒప్పుకుంటారు.

మాయిశ్చరైజర్ రాస్తూనే ఉన్నాం. అయినా పొడిగానే ఉంటోంది. ఎందుకు?

నేను వెంటనే అడిగే ప్రశ్న: మీ డబ్బా ఎన్ని రోజులు వస్తోంది? 100 గ్రాముల ట్యూబు రెండు నెలలు వస్తోందంటే మీరు రాస్తున్నది చాలా తక్కువ. ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న పసిబిడ్డకి వారానికి దాదాపు 100 గ్రాములు పట్టవచ్చు. చాలా ఇళ్ళలో మందు పని చేయకపోవడానికి కారణం మందు కాదు, కొలత.

స్నానం అయ్యాక మెత్తటి బట్టతో అద్దండి, రుద్దొద్దు. ఒంటి మీద తడి ఇంకా ఉండగానే, మూడు నాలుగు నిమిషాల్లో, వెంట్రుకలు ఉన్న దిశలో కిందికి రాయండి. రాశాక చర్మం మెరుస్తూ కనిపించాలి. స్నానం లేని పూట కూడా ఒకసారి, చెంపలకైతే ప్రతి పాల పూటకి ముందు. వాసన లేనిది, చిక్కగా ఉన్నది ఎంచుకోండి. ఖరీదైనది కానక్కర్లేదు. మందుల షాపులో దొరికే మామూలు తెల్ల పెట్రోలియం జెల్లీ చలికాలంలో చెంపలకి బాగా పనికొస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం అది మడతల్లో చెమటని బంధించి చెమటకాయలు తెస్తుంది. అప్పుడు పలచటి క్రీమ్‌కి మారండి.

కొబ్బరి నూనె, నువ్వుల నూనె, పల్లీ నూనె... ఏది మంచిది?

పచ్చి కొబ్బరి నుంచి తీసిన వర్జిన్ నూనె పొడిబారిన చర్మానికి పర్వాలేదు. కానీ చిక్కటి మాయిశ్చరైజర్‌కి అది బదులు కాదు. ఆవ నూనె, ఆలివ్ నూనె వద్దు, అవి పై పొరని దెబ్బతీస్తాయి. నువ్వుల నూనె, పల్లీ నూనె, ముఖ్యంగా గానుగలో ఆడించినవి, ఎర్రబడిన చర్మానికి తగలనివ్వకండి. వాటిలో నువ్వుల, పల్లీల ప్రొటీన్ మిగిలి ఉంటుంది, ఆ రెండూ అలర్జీ తెచ్చే తిళ్ళే. వంటలో వాడుకోండి, ఒంటికి వద్దు.

మాది బోర్ నీళ్ళు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్ళు. సాఫ్ట్‌నర్ పెట్టించాలా?

గట్టి నీళ్ళకీ ఎగ్జిమాకీ సంబంధం ఉంది. గట్టి నీళ్ళలో సబ్బు సరిగ్గా నురగ రాదు, కడిగినా చర్మం మీద పొరలా మిగిలిపోతుంది, ఆ మిగిలిన సబ్బే మంట పెడుతుంది. కానీ వేల రూపాయలు పెట్టి సాఫ్ట్‌నర్ కొనమని నేను చెప్పను. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లల ఇళ్ళలో దీన్ని పరీక్షించారు, ఫలితాలు 2011లో వచ్చాయి. సాఫ్ట్‌నర్ పెట్టిన ఇళ్ళలో పిల్లల ఎగ్జిమా అదనంగా ఏమీ తగ్గలేదు. ఆ డబ్బు మాయిశ్చరైజర్‌కి పెట్టండి. సబ్బు తగ్గించండి. వీలుంటే చివరి చెంబు నీళ్ళు మంజీరా నీళ్ళో, ఫిల్టర్ నీళ్ళో పోయండి.

## ఉన్నట్టుండి మంట పెరిగినప్పుడు

బాగానే ఉంటుంది, హఠాత్తుగా మళ్ళీ ఎర్రబడుతుంది. దేనివల్ల?

మన ఊళ్ళో నేను ఎక్కువగా చూసేవి మూడు. ఒకటి వేడి, చెమట. ఏప్రిల్ మేలో బిడ్డకి జుబ్బా మీద స్వెట్టర్, తలకి టోపీ, కాళ్ళకి సాక్సులు వేసి తీసుకొస్తారు. మెడలో, మోచేతి మడతల్లో చెమట ఆరిన ఉప్పు దురద పెడుతుంది. ఒక్క పొర పలచటి నూలు బట్ట చాలు. చెమట పట్టినప్పుడు తడిబట్టతో తుడిచి, మళ్ళీ క్రీమ్ రాయండి. రెండోది డిసెంబరు, జనవరి పొడి గాలి. రాత్రంతా ఏసీ వేసుకున్నా అదే పరిస్థితి. మూడోది చొంగ. నాలుగో నెల నుంచి పళ్ళు వచ్చేదాకా చొంగ కారుతూనే ఉంటుంది, గడ్డం, చెంపలు ఎప్పుడూ తడిసి ఆరుతుంటాయి. గుడ్డతో గట్టిగా తుడవకుండా అద్దాలి, పైన పెట్రోలియం జెల్లీ పల్చగా రాయాలి.

ఈ మూడింటి తర్వాత మంట పెంచేవి జలుబు, జ్వరాలు. కొత్త డిటర్జెంట్, బట్టల కండిషనర్, పౌడర్, నానమ్మ గారి ఉన్ని శాలువా కూడా. టీకా వేసిన రెండు రోజులకి కాస్త పెరిగినా, టీకాలు ఆపకండి.

డాక్టర్ స్టెరాయిడ్ క్రీమ్ రాశారు. భయంగా ఉంది. రాయాలా వద్దా?

రాయండి, కానీ ఏది, ఎంత, ఎన్నాళ్ళు అన్నది ముఖ్యం. పసిబిడ్డ ముఖానికి, మడతలకి తేలికపాటివే వాడతాం. 1 శాతం హైడ్రోకార్టిసోన్, లేదా 0.05 శాతం డెసొనైడ్. కొలత సులువే. పెద్దవాళ్ళ చూపుడు వేలి చివరి గీత నుంచి వేలి కొన దాకా ట్యూబు నుంచి ఒక గీతగా పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. మూడు నుంచి ఆరు నెలల బిడ్డ ముఖానికి, మెడకి కలిపి అది సరిపోతుంది. ఎర్రగా గరుకుగా ఉన్న చోట మాత్రమే, డాక్టర్ చెప్పిన రోజులు, మామూలుగా మూడు నుంచి ఏడు రోజులు రాయాలి. మాయిశ్చరైజర్‌కీ దీనికీ మధ్య కనీసం పావుగంట విరామం ఇవ్వండి.

ఎప్పుడు ఆపాలో ఎరుపు చూసి కాదు, వేలితో తడిమి తెలుసుకోండి. రంగు తగ్గినా గరుకుగానే ఉంటే ఇంకా లోపల మంట ఉన్నట్టే. రెండు రోజులు రాసి, కాస్త తగ్గగానే ఆపి, మళ్ళీ మొదలుపెట్టే పద్ధతిలోనే ట్యూబులు ఎక్కువ ఖర్చవుతాయి, చర్మం ఎప్పటికీ పూర్తిగా మానదు.

అసలు భయపడాల్సింది వేరే వాటి గురించి. షాపులో చీటీ లేకుండా ఇచ్చే ట్యూబుల్లో గట్టి స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపి ఉంటాయి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేర్లు పెట్టె మీద చూస్తే అది పసిబిడ్డ చెంపకి వెళ్ళకూడదు. చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి తేలతాయి.

తగ్గాక తెల్లటి మచ్చలు మిగిలాయి. క్రీమ్ వల్లేనా?

ఎక్కువగా కాదు. మంట పడిన చోట రంగు కొన్నాళ్ళు తగ్గుతుంది. కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. అప్పటిదాకా ఎండ తగలకుండా, చర్మం పొడిబారకుండా చూడండి చాలు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి?

రసి కారి తేనెరంగు పక్కులు కట్టి, చుట్టూ వేడిగా ఉంటే సూక్ష్మజీవులు చేరినట్టు. ఒకటి రెండు రోజుల్లో చూపించండి, యాంటీబయాటిక్ కావాల్సి రావచ్చు. అంతకంటే అత్యవసరమైనది ఒకటి ఉంది. ఒకే సైజులో, గుండుసూదితో గుచ్చినట్టు మధ్యలో గుంటపడిన పుండ్లు గుంపుగా వచ్చి, జ్వరంతో బిడ్డ మగతగా ఉంటే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. అదే రోజు, రాత్రయినా సరే, ఏదైనా పిల్లల ఆసుపత్రికి, దగ్గరుంటే నిలోఫర్‌కైనా వెళ్ళండి. కంటి చుట్టూ ఉంటే అసలు ఆగొద్దు. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్నవాళ్ళెవరైనా బిడ్డని ముద్దు పెట్టుకోకుండా చూడటం దీనికి మంచి జాగ్రత్త.

## తిండి మీద అనుమానం వచ్చినప్పుడు

ఏ లక్షణాలుంటే తిండి అలర్జీ అని అనుమానించాలి?

రెండు రకాలుగా వస్తుంది. మొదటిది తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు వచ్చేది. నోటి చుట్టూ, ఒంటి మీద ఉబ్బెత్తు దద్దుర్లు, పెదవులు, కళ్ళు వాయడం, వాంతులు, దగ్గు, పిల్లికూతలు. అదే తిండి మళ్ళీ తిన్నప్పుడు మళ్ళీ వస్తుంది. దీన్ని గుర్తించడం తేలిక.

రెండోది మెల్లగా, కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల తర్వాత వచ్చేది. ఎగ్జిమా ఒక్కటే పెరగడం కంటే, దానితోపాటు విరేచనంలో రక్తం, జిగురు, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం ఉంటే అనుమానం బలపడుతుంది. మూడు నెలల లోపే తీవ్రంగా మొదలై, మాయిశ్చరైజర్, స్టెరాయిడ్ సరైన కొలతలో రెండు మూడు వారాలు వాడినా లొంగని ఎగ్జిమాకి కూడా అలర్జీ కోసం చూస్తాం. మధ్యస్థంగా, తీవ్రంగా ఎగ్జిమా ఉన్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి ఏదో ఒక తిండి అలర్జీ ఉంటుంది. తేలికపాటి ఎగ్జిమాలో అది చాలా తక్కువ.

టమాటా పప్పు పెట్టగానే నోటి చుట్టూ ఎర్రబడింది. అలర్జీనా?

నోటి చుట్టూ తగిలినంత మేరే ఎర్రబడి, అరగంట గంటలో పోయి, మిగతా ఒళ్ళు బాగుంటే అది పులుపు చర్మానికి తగిలి వచ్చిన మంట. చింతపండు, నిమ్మ, కమలాలతో కూడా ఇంతే. తినిపించే ముందు గడ్డానికీ, చెంపలకీ పెట్రోలియం జెల్లీ రాస్తే రాదు. ఆ తిండి మానక్కర్లేదు. నోరు తగలని చోట, పొట్ట మీద, వీపు మీద దద్దుర్లు వస్తే మాత్రం అలర్జీ కోసం చూపించాలి.

బాలింత పథ్యం చేస్తున్నాను. పాలు, పెరుగు, గుడ్డు, పప్పు, వంకాయ మానేశాను. అయినా తగ్గట్లేదు. ఇంకేం మానాలి?

ఇంకేమీ మానొద్దు. ఈ మధ్య చూసిన ఒక పాప విషయం చెబుతాను. వివరాలు కాస్త మార్చాను.

నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్, బోర్ నీళ్ళు. పాపకి ఐదో నెల. చెంపలు రసి కారుతున్నాయి, మెడ మడత ఎర్రగా తడిగా ఉంది. తల్లి అన్నం, సొరకాయ, బీరకాయలతోనే బతుకుతోంది, బరువు బాగా తగ్గింది. ఎక్కడో చేయించిన రక్తపరీక్షలో పాలు, గోధుమ, గుడ్డు, పల్లీలు అన్నిటికీ 'పాజిటివ్' అని ఉంది. ఆ కాగితం చూసి ఇంట్లో అందరూ టెన్షన్ పడుతున్నారు.

అడిగితే తెలిసింది ఇది. రోజుకి రెండుసార్లు వేడి నీళ్ళ స్నానం, ఒకసారి సున్నిపిండి, ఒకసారి సబ్బు. మాయిశ్చరైజర్ సీసా నెలన్నరైనా సగం ఉంది. స్టెరాయిడ్ క్రీమ్ రెండు రోజులు రాసి ఆపేస్తున్నారు. పాపకి విరేచనంలో రక్తం లేదు, బరువు బాగా పెరుగుతోంది, ఏ తిండికీ దద్దుర్లు రాలేదు. అంటే తిండిని అనుమానించడానికి ఆధారమే లేదు.

సున్నిపిండి ఆపించాం. ఒక పూట గోరువెచ్చటి స్నానం. మాయిశ్చరైజర్ రోజుకి మూడుసార్లు మెరిసేలా. చెంపలకి డెసొనైడ్ వారం రోజులు ఆపకుండా. మెడ మడతకి ఫంగస్ మందు, పాలు తాగాక ఆ మడత విప్పి తడిబట్టతో తుడిచి ఆరనివ్వడం. పది రోజులకి చెంపలు నున్నబడ్డాయి. మడత మానడానికి మరో వారం పట్టింది. తల్లి పెరుగుతో మొదలుపెట్టి, ఒక్కొక్కటీ మూడు రోజుల తేడాతో తిరిగి తినడం మొదలుపెట్టింది. ఏది తిన్నా పాప చర్మం మారలేదు.

కానీ కథ అక్కడ అయిపోలేదు. ఏడో నెలలో పాపకి మొదటిసారి ఆమ్లెట్ ముక్క పెట్టారు. పావుగంటలో నోటి చుట్టూ, పొట్ట మీద దద్దుర్లు, రెండు వాంతులు. చర్మం మీద చుక్క వేసి గుచ్చి చూసే పరీక్షలో గుడ్డుకి స్పష్టంగా పొక్కు లేచింది. అంటే ఈ పాపకి గుడ్డు అలర్జీ నిజంగానే ఉంది. అయితే ఆ గుడ్డు తన ఎగ్జిమాకి కారణం కాదు. తల్లి గుడ్డు తింటూనే ఉండగా చెంపలు శుభ్రంగా ఉన్నాయి కదా. ఈ రెండూ పక్కపక్కన ఉండొచ్చు, ఒకటి ఇంకోదానికి కారణం అవ్వనక్కర్లేదు. పాపకి గుడ్డు ఆపాం, తల్లికి ఆపలేదు.

రక్తపరీక్షలో ఇన్ని పాజిటివ్ వచ్చాయంటే అన్నీ అలర్జీలే కదా?

కాదు. ఐజీఈ అనే ఈ రక్తపరీక్ష చెప్పేది శరీరం ఆ తిండిని గుర్తుపట్టిందని మాత్రమే. తింటే రియాక్షన్ వస్తుందో లేదో అది చెప్పలేదు. ఎగ్జిమా పిల్లల్లో హాయిగా తింటున్న తిళ్ళకి కూడా పాజిటివ్ రావడం చాలా మామూలు. అందుకే పరీక్షకి ముందు కథ ఉండాలి. "ఇది తింటే ఇలా అయింది" అన్న అనుమానం ఉన్న ఒకటి రెండు తిళ్ళకే పరీక్ష చేయించాలి. వందల తిళ్ళ ప్యానెల్, ఐజీజీ పరీక్షలకి డబ్బు పెట్టొద్దు. ఐజీజీ కేవలం తిన్నామని చెబుతుంది, అలర్జీ అని కాదు.

పాల అలర్జీ అనుమానం ఉందన్నారు. నేను పాలు, పెరుగు తినడం మానేసి చూడాలా? ఎన్నాళ్ళు?

బలమైన అనుమానం ఉంటే, డాక్టర్ చెప్పాక, రెండు నుంచి నాలుగు వారాలు. తల్లి తన తిండిలో పాలు, పెరుగు, పనీర్, వెన్న, నెయ్యి, పాలపొడి కలిసిన బిస్కెట్లు, రస్కులు, స్వీట్లు అన్నీ మానాలి. ఆ కాలంలో కాల్షియం, విటమిన్ డి మాత్రలు వేసుకోవాలి. గేదె పాలు, మేక పాలు బదులుగా పనికిరావు. వాటి ప్రొటీన్లు ఆవు పాల ప్రొటీన్లని చాలా పోలి ఉంటాయి, ఒకటి పడనివాళ్ళలో ఎక్కువమందికి ఇంకోటీ పడదు. డబ్బా పాలు తాగే బిడ్డకి ప్రొటీన్‌ని బాగా ముక్కలు చేసిన ప్రత్యేక ఫార్ములా ఉంటుంది, డాక్టర్ రాస్తేనే వాడాలి.

ఇక్కడ అందరూ వదిలేసే మెట్టు ఒకటి ఉంది. మానితే తగ్గింది అనుకున్నాక, మళ్ళీ తిని చూడాలి. మళ్ళీ పెరిగితేనే అది పాల వల్ల అని రుజువు. ఎగ్జిమా దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. మానిన రోజుల్లో తగ్గడం యాదృచ్ఛికం కావచ్చు. బిడ్డ నేరుగా తింటున్న తిండిని మాత్రం నెలల తరబడి ఆపి ఇంట్లోనే మళ్ళీ మొదలుపెట్టొద్దు. హాయిగా తినే పిల్లలు కూడా పొడుగ్గా మానేశాక మొదటి ముద్దకే గట్టి రియాక్షన్ చూపించే ప్రమాదం ఉంది. డాక్టర్ దగ్గరే పెట్టాలి.

## అన్నప్రాశన తర్వాత

ఎగ్జిమా ఉంది కాబట్టి పల్లీలు, గుడ్డు ఏడాది దాకా పెట్టకూడదట కదా?

ఆ సలహా పాతది, ఇప్పుడు దానికి తలకిందులుగా చెబుతున్నాం. తీవ్ర ఎగ్జిమా, లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసిపిల్లల మీద బ్రిటన్‌లో చేసిన లీప్ అధ్యయనం 2015లో వచ్చింది. నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య పిల్లల్లో సగం మందికి పల్లీలు పెట్టారు, సగం మందికి ఐదేళ్ళ దాకా దూరంగా ఉంచారు. మొదట చర్మ పరీక్షలో నెగటివ్ వచ్చిన పిల్లల్లో, దూరంగా ఉంచిన వాళ్ళలో 13.7 శాతం మందికి పల్లీల అలర్జీ వస్తే, తిన్నవాళ్ళలో 1.9 శాతం మందికే వచ్చింది. నోటి దారిన ముందే పరిచయమైన తిండిని శరీరం తనదిగా ఒప్పుకుంటుంది. పగిలిన చర్మం దారిన ముందు పరిచయమైతే శత్రువనుకుంటుంది. ఎగ్జిమాని త్వరగా అదుపులో పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

తేలికపాటి ఎగ్జిమా అయితే ఆరో నెలలో జావతో పాటే పెట్టొచ్చు. వేయించిన పల్లీలని మెత్తగా పొడి చేసి, అర చెంచా రాగి జావలోనో పెరుగులోనో బాగా కలిపి, ఉదయం పూట, బిడ్డ ఆరోగ్యంగా ఉన్నరోజు పెట్టి రెండు గంటలు గమనించండి. బాగుంటే మెల్లగా రెండు చెంచాలకి పెంచి, వారానికి రెండు మూడు సార్లు ఇస్తూ ఉండండి. మొదలుపెట్టి ఆపేస్తే లాభం ఉండదు. గింజలుగా మాత్రం ఐదేళ్ళు నిండేదాకా ఇవ్వొద్దు, గొంతులో అడ్డుపడతాయి. గుడ్డు బాగా ఉడికించినదే పెట్టండి.

ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, అప్పటికే ఏదైనా తిండికి దద్దుర్లు వచ్చినా, ముందు డాక్టర్‌కి చూపించి పరీక్ష చేయించాకే పల్లీలు మొదలుపెట్టండి. నిజాంపేట పాపకి కూడా అలాగే, పరీక్షలో నెగటివ్ వచ్చాక మొదటి చెంచా క్లినిక్‌లోనే పెట్టాం.

తిన్నాక దద్దుర్లు వస్తే ఇంట్లో ఏం చేయాలి?

మిగిలిన తిండి ఆపి, నోరు, చేతులు కడగండి. దద్దుర్లు మాత్రమే ఉంటే, డాక్టర్ ముందే రాసిచ్చిన అలర్జీ సిరప్ ఆ డోసులోనే వేసి, ఫోటో తీసి, ఆ రోజే చూపించండి. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎన్ని నిమిషాలకి వచ్చింది రాసి పెట్టుకోండి. డాక్టర్‌కి పరీక్ష కంటే ఆ కాగితమే ఎక్కువ ఉపయోగం. గొంతు బొంగురుపోయినా, ఊపిరి కష్టమైనా, పిల్లికూతలు వచ్చినా, వాంతులు ఆగకపోయినా, బిడ్డ వాలిపోయి రంగు మారినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం కాపాడేది తొడ కండరంలో ఇచ్చే ఆడ్రినలిన్ ఇంజెక్షన్. సిరప్ వేసి ఎదురుచూడొద్దు.

గుడ్డు పడదు అని తేలింది. జీవితాంతం ఇంతేనా? తొమ్మిదో నెల టీకా వేయించొచ్చా?

గుడ్డు, పాల అలర్జీలు చాలామంది పిల్లల్లో బడి వయసుకి పోతాయి. పల్లీల అలర్జీ అంత తేలిగ్గా పోదు. చాలామంది పిల్లలకి నేరుగా గుడ్డు పడకపోయినా, కేకులో బాగా బేక్ అయిన గుడ్డు పడుతుంది. అది ఎప్పుడు పెట్టి చూడాలో డాక్టర్ చెబుతారు, ఇంట్లో మీరే ప్రయోగం చేయొద్దు. తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకా గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలకి కూడా వేయించొచ్చు. ఫ్లూ టీకా కూడా అంతే. ఇంతకుముందు ఏదైనా టీకాకే గట్టి రియాక్షన్ వచ్చి ఉంటే ఆ విషయం నర్సుకి సూది వేయకముందే చెప్పండి.